షాపు ఉద్యోగం: సంతకానికి ముందు మార్పించుకోవాల్సినవి

ప్రశ్న: మా అమ్మాయి బీకాం పూర్తిచేసింది. హనుమకొండలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ అసిస్టెంట్‌గా రమ్మన్నారు. జీతం 18 వేలు. పనిచేసేది మొత్తం ఆరుగురు. ఓనర్ తనే తెలుగులో ఒక ఉత్తరం రాసిచ్చారు: "మొదటి ఆరు నెలలు ప్రొబేషన్ అమ్మా. పని నచ్చితే పర్మినెంట్ చేస్తాను, లేదంటే ఇంకో మూడు నెలలు చూస్తాను. ప్రొబేషన్‌లో జీతంతో సెలవు ఉండదు, తర్వాత నెలకు ఒకటి. జీఎస్టీ రోజుల్లో సెలవు అడగొద్దు. మానేయాలంటే రెండు నెలల ముందు చెప్పాలి. నీ పని కుదరకపోతే నేను వారం ముందు చెప్తాను." సంతకం పెట్టమంటారా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఉద్యోగం వదులుకోవద్దండీ. అలాగని ఉత్తరం మీద ఇప్పుడే సంతకమూ వద్దు. చిన్న షాపుల్లో చాలామంది "రేపట్నుంచి రా" అని నోటిమాటతో చేర్చుకుంటారు. ఈయన కూర్చుని రాశారు, తనకు ఏం కావాలో దాచకుండా చెప్పారు. ఇలాంటి మనిషి దగ్గర మర్యాదగా అడిగితే మార్పులు జరిగే అవకాశం ఎక్కువ.

ముందుగా ఒక మాట. ఆరుగురే కాబట్టి ఏ చట్టమూ వర్తించదని మీరూ, బహుశా ఆయనా అనుకుంటూ ఉండొచ్చు. పీఎఫ్‌కు 20 మంది, ఈఎస్‌ఐకి 10 మంది ఉండాలన్న లెక్క నిజమే. కానీ షాపుల్లో పనిచేసేవాళ్ల సెలవులు, తొలగింపు చూసేది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. తెలంగాణలో ఇప్పుడు నడుస్తున్నది అదే. సెలవులకూ నోటీసుకూ అందులో ఇన్ని తలలు ఉండాలన్న షరతు లేదు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది నోటీసు సంగతి. ఆయనకు వారం, అమ్మాయికి రెండు నెలలు అంటే తూకం సరిపోలేదు. ఆ చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు వరుసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల ముందు రాతపూర్వకంగా చెప్పకుండా లేదా నెల జీతం ఇవ్వకుండా తీసేయకూడదు. ఆ ఆరు నెలలు లెక్కపెట్టేది చేరిన రోజు నుంచే. ఉత్తరంలో ప్రొబేషన్ అని రాసుకున్నా, పర్మినెంట్ అని రాసుకున్నా ఆ లెక్క మారదు. జూన్ 1న చేరిందనుకోండి, నవంబర్ 30తో ఆరు నెలలు నిండుతాయి. ఆయన ప్రొబేషన్‌ను ఫిబ్రవరి దాకా పొడిగించినా సరే, డిసెంబర్ నుంచి "వారంలో మానెయ్యమ్మా" అంటే కుదరదు. ఈ సంగతి చాలామంది ఓనర్లకు తెలియదు.

ఇక అమ్మాయి వైపు నుంచి చూడండి. జనవరిలో ఇంకో మంచి ఉద్యోగం వచ్చి, 18 రోజుల్లో చేరమన్నారనుకుందాం. రెండు నెలల నోటీసు ఉంటే 42 రోజులు తక్కువ పడతాయి. నెలకు 30 రోజుల లెక్కన రోజుకు 600 చొప్పున 25,200 రూపాయలు కట్టమంటారు. అంటే నెల జీతం పోగా ఇంకా చేతినుంచి పెట్టుకోవాలి. నోటీసు నెలరోజులే అయితే 12 రోజుల తేడాకు 7,200తో సరిపోతుంది. ఇక్కడే చాలామంది చూసుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఆదివారాలు తీసేసి నెలకు 26 రోజులని లెక్క కడితే రోజు జీతం దాదాపు 692 అవుతుంది, అవే 12 రోజులకు 8,300 దాటుతుంది. అందుకని "రోజు జీతం ఎన్నో వంతు" అన్నది ఇప్పుడే రాయించుకోవాలి. సెలవు పెట్టినప్పుడు కోతకూ, మానేసేటప్పుడు లెక్కకూ ఒకే పద్ధతి ఉండాలి. కోతకు 26తో భాగించి, ఇవ్వాల్సినప్పుడు 30తో భాగించడం మాత్రం ఒప్పుకోవద్దు.

సెలవుల విషయంలో ఆయన రాసింది చట్టం ఇచ్చేదానికంటే బాగా తక్కువ. 30వ సెక్షన్ ప్రకారం మొదటి ఏడాది నుంచే, జీతంతో 12 రోజుల వరకు క్యాజువల్ లీవ్, జబ్బు చేస్తే ఇంకో 12 రోజుల వరకు సిక్ లీవ్ ఉంటాయి. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే, ఆ తర్వాతి ఏడాదిలో 15 రోజుల ఎర్న్‌డ్ లీవ్ కూడా వస్తుంది. ప్రొబేషన్‌లో జ్వరం వచ్చి మూడు రోజులు పడుకుంటే జీతం కోయడం సరికాదు.

అయితే జీఎస్టీ రోజుల్లో సెలవు వద్దనడం నాకు న్యాయంగానే అనిపించింది. నెలనెలా రిటర్నులు వేసే షాపుకు 11న జీఎస్‌టీఆర్-1, 20న జీఎస్‌టీఆర్-3బి గడువులు. అకౌంట్స్ చూసేది ఒక్క మనిషైతే ఆ తేదీల్లో ఆమె లేకపోతే లేట్ ఫీజు పడుతుంది, కొన్నవాళ్లకు క్రెడిట్ ఆలస్యమవుతుంది. ఈ ఒక్కటీ అమ్మాయి మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. కాకపోతే "జీఎస్టీ రోజులు" అన్న మాట ఎటైనా సాగుతుంది, అవి ఏయే తేదీలన్నది రాయమనాలి. ఒంట్లో బాగోకపోతే మినహాయింపు ఉండాలి.

ప్రొబేషన్ సంగతికొస్తే ఆరు నెలలు ఎక్కువేం కాదు. "పని నచ్చితే" అన్నచోటే చిక్కు. నచ్చిందో లేదో ఎవరూ చెప్పకుండా ఏడో నెల, ఎనిమిదో నెల గడిచిపోతాయి. గడువు దాటినంత మాత్రాన పర్మినెంట్ అయిపోయినట్టు కాదు, ఉత్తరంలో అలా రాసుంటే తప్ప. కాబట్టి ఏం వస్తే పని నచ్చినట్టో ఆయన్నే అడగమనండి. ట్యాలీలో ఎంట్రీలు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో లెక్క సరిచూడటం, ఈ-వే బిల్లు తీయడం, ఇలా ఏదో చెప్తారు. అవే కాగితం మీద పెట్టించాలి. మూడో నెలాఖరున ఒకసారి కూర్చుని ఎక్కడ వెనకబడిందో చెప్పమంటే ఇద్దరికీ మేలు.

అడిగే తీరు కూడా ముఖ్యమే. మీరు వెళ్లొద్దు, అమ్మాయినే మాట్లాడనివ్వండి. చట్టం సెక్షన్లతో మొదలుపెడితే ఆయనకు కష్టం తోస్తుంది. "సార్, ఉత్తరం చదివాను, జీఎస్టీ తేదీల్లో నేనుంటాను. నోటీసు ఇద్దరికీ ఒకటే ఉంటే బాగుంటుంది, సెలవులు షాపుల చట్టంలో ఉన్నట్టు రాస్తారా" అంటే చాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరడిగినా ఇవ్వొద్దు, జిరాక్స్‌లు ఇచ్చి ఒరిజినల్స్ చూపించి తెచ్చుకోవాలి.

ఆయన ఒప్పుకుంటే ఉత్తరం ఇలా తిరగరాయమని అడగొచ్చు:

"అమ్మా, ప్రొబేషన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఆగస్టు చివర్లో ఒకసారి నీ పని గురించి మాట్లాడుకుందాం. నవంబర్ 30లోపు నేను రాసి పొడిగించకపోతే డిసెంబర్ 1 నుంచి నువ్వు పర్మినెంట్. పొడిగించినా ఒక్కసారే, మూడు నెలలకు మించదు, కారణం రాసిస్తాను. క్యాజువల్, సిక్, ఎర్న్‌డ్ లీవులు షాపుల చట్టం ప్రకారం. ప్రతి నెలా 9 నుంచి 11, 18 నుంచి 20 తేదీల్లో జబ్బు చేస్తే తప్ప సెలవు లేదు. మొదటి ఆరు నెలల్లో ఎవరు వద్దనుకున్నా 15 రోజుల నోటీసు, ఆ తర్వాత ఇద్దరికీ నెల. తక్కువైన రోజులకు జీతాన్ని 30తో భాగించి లెక్క. మానేసినప్పుడు రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేస్తాను, అనుభవ పత్రం కూడా."

చివర్లో రాసిన రెండు పనిదినాల మాట ఆయన దయ కాదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో ఉన్నదే. రెండు కాపీలు తీసి, ఇద్దరూ తేదీ వేసి సంతకం పెట్టి, ఒకటి మీ ఇంట్లో ఉంచుకోండి.