రీట్ యూనిట్లకు వచ్చే డబ్బు, ఫ్లాట్ అద్దె ఒకటేనా?

ప్రశ్న: మాన్యత టెక్ పార్క్ లాంటివి ఉన్న రీట్‌లో యూనిట్లు కొంటే నెలనెలా అద్దె వస్తుందా? బెంగళూరులో ఫ్లాట్ కొని అద్దెకివ్వడానికీ దీనికీ తేడా ఏంటి?

నెలనెలా రాదండి. రీట్ అంటే చాలామంది దగ్గర డబ్బు పోగుచేసి, అద్దె వచ్చే భవనాల్లో పెట్టే ట్రస్టు; అందులో మన వాటాలే యూనిట్లు. ఆఫీసు రీట్లు మామూలుగా మూడు నెలలకోసారి పంచుతాయి. నాకు మారతహళ్లిలో అద్దెకిచ్చిన ఫ్లాట్ ఉంది, ఒక రీట్‌లో కొన్ని యూనిట్లూ ఉన్నాయి. రెండు చోట్ల నుంచీ డబ్బు బ్యాంకులోనే పడుతుంది కానీ, ఆ డబ్బు స్వభావం వేరు.

ఆఫీసు పార్కు సాధారణంగా ఒక కంపెనీ పేరిట ఉంటుంది. ఆ కంపెనీ వాటాలు ట్రస్టు చేతిలో ఉంటాయి, ట్రస్టు దానికి అప్పు కూడా ఇస్తుంది. అద్దెలోంచి ఖర్చులు, బ్యాంకు వడ్డీలు పోగా మిగిలింది వడ్డీగానో, డివిడెండ్‌గానో, అప్పు తిరిగి చెల్లింపుగానో ట్రస్టుకు చేరుతుంది. పంచదగ్గ నగదులో కనీసం 90 శాతం పంచాలన్నది సెబీ నిబంధన. మనకు వచ్చేటప్పుడు కూడా ఆ ముక్కలు విడివిడిగానే ఉంటాయి. పన్ను లెక్కంతా వాటి మీదే.

ఉదాహరణకు 400 రూపాయల చొప్పున 500 యూనిట్లు కొన్నారనుకోండి, 2 లక్షలు. ఒక త్రైమాసికానికి యూనిట్‌కు 6 రూపాయలు ప్రకటించారు, అంటే 3,000. అందులో వడ్డీ 2, డివిడెండ్ 1, అప్పు చెల్లింపు 3 అనుకుందాం. వడ్డీ 1,000 మీద 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, కాబట్టి ఖాతాలో పడేది 2,900. ఆ వడ్డీకి మీ శ్లాబు ప్రకారం పన్ను. పార్కు కంపెనీ తక్కువ రేటు పన్ను విధానం ఎంచుకోకపోతే డివిడెండ్‌కు మీ చేతిలో పన్ను లేదు. అప్పు చెల్లింపుకు ఇప్పుడు పన్ను ఉండదు గానీ, మీ కొనుగోలు ధర 400 నుంచి 397కి తగ్గుతుంది. రేపు 450కి అమ్మితే లాభం 50 కాదు, 53. చాలామంది ఇది చూడకుండా 'ఏడాదికి 6 శాతం అద్దె' అని మురిసిపోతారు.

ఫ్లాట్‌లో లెక్క సులువు, తలనొప్పి ఎక్కువ. ఆస్తి పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు దొరుకుతుంది. కానీ అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తే ఆదాయం మొత్తం ఆగిపోతుంది, అసోసియేషన్ మెయింటెనెన్స్ మాత్రం ఆగదు, పెయింటింగ్ ఖర్చు మన మీదే. రీట్‌లో ఒక కంపెనీ ఖాళీ చేస్తే పంపిణీ కాస్త తగ్గుతుంది, అంతే. అయితే అద్దె ఎంత పెట్టాలో, ఎవరికివ్వాలో మన మాట చెల్లదు. పిల్లల ఫీజుకు 50 వేలు కావాలంటే కొన్ని యూనిట్లు అమ్ముకోవచ్చు, ఫ్లాట్‌లో బాత్రూమ్ ఒక్కటే అమ్మలేం కదా! కానీ యూనిట్ ధర రోజూ కళ్లముందు ఊగుతుంది, ఆ టెన్షన్ తట్టుకోవాలి.

మీరే ఎప్పటికైనా ఉండాలనుకుంటే ఫ్లాట్ వైపే మొగ్గుతాను. ఆదాయం కోసమే అయితే కొనేముందు ఎక్స్ఛేంజి సైటులో గత నాలుగు త్రైమాసికాల పంపిణీ ప్రకటనలు తెరవండి. ముక్కల విభజన ఎలా ఉంది, ఆఫీసులు ఎంత శాతం నిండాయి అన్నవి చూడండి. రికార్డు తేదీ నాటికి యూనిట్లు మీ డీమ్యాట్‌లో ఉంటేనే ఆ విడత మీకొస్తుంది.