అమ్మాయి ల్యాప్‌టాప్‌కు 50 వేల అప్పు అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ సీఎస్ఈలో చేరింది. ల్యాప్‌టాప్ కోసం చిట్టీ పాడగా వచ్చిన 55,000 రూపాయలు ఉన్నాయి. షాపులో మూడు చూపించారు. ఒకటి పలుచని 14 అంగుళాలది, 8 జీబీ మెమరీ, 54,000. రెండోది 15.6 అంగుళాలది, అదీ 8 జీబీయే, 53,000. మూడోది 32 జీబీ మెమరీ, 1 టీబీ స్టోరేజ్, వేరే గ్రాఫిక్స్‌తో 1,05,000. ‘ల్యాప్‌టాప్‌లో తరువాత ఏదీ మార్చలేరు, ఒకేసారి పెద్దది తీసుకోండి’ అంటున్నారు. తక్కువ పడిన 50,000 ఒక యాప్‌లో రెండేళ్ల అప్పుగా వస్తుంది, వడ్డీ 16 శాతం. నా జీతం 38,000, ఖర్చులు 30,000. బ్యాంకులో 1,20,000 ఎఫ్‌డీ ఉంది. అప్పు తీసుకోనా, ఎఫ్‌డీ తీయనా?

జవాబు: రెండూ వద్దు. జూన్, జులై నెలల్లో నాకు వచ్చే ఉత్తరాల్లో ఈ పొరపాటు పదే పదే కనిపిస్తుంది కనుక దీనికి వివరంగా సమాధానం రాస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో ఏ భాగాన్ని తరువాత మార్చుకోవచ్చో, ఏది బోర్డుకే అతికి ఉంటుందో తెలియకపోవడం వల్ల, నాలుగేళ్ల తరువాత వచ్చే అవసరానికి కూడా ఈ రోజే అప్పు చేసి డబ్బు కడుతున్నారు.

షాపువారి మాటలో సగం నిజం ఉంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ నేటి ల్యాప్‌టాప్‌లలో మదర్‌బోర్డుకు సోల్డర్ చేసి ఉంటాయి, వాటిని మార్చాలంటే బోర్డు మొత్తం మార్చవలసిందే. కాబట్టి ఆ రెండింటి విషయంలో ముందే ఆలోచించాలి. స్టోరేజ్ అలా కాదు. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో అది ఎం.2 అనే చిన్న పలకలాంటి ఎస్ఎస్‌డీగా స్లాట్‌లో ఒక్క స్క్రూతో బిగించి ఉంటుంది, మూడేళ్ల తరువాతైనా పెద్దది పెట్టించుకోవచ్చు. మరీ చవక మోడళ్లలో వచ్చే ఈఎంఎంసీ స్టోరేజ్ మాత్రం అతికించినదే. యాపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లో మెమరీ, స్టోరేజ్ రెండింటినీ కొన్న తరువాత పెంచుకునే వీలు లేదు.

మీ నిర్ణయం తేలేది మెమరీ, అంటే ర్యామ్ దగ్గర. మీరు చెప్పిన మొదటి రెండు ల్యాప్‌టాప్‌లూ 8 జీబీవే, ధరలో తేడా వెయ్యి రూపాయలే, అయినా అవి ఒకటి కావు. స్పెసిఫికేషన్ల కాగితంలో మెమరీ ఎదురుగా LPDDR5 లేదా LPDDR5X అని ఉంటే, అంటే ముందు LP అక్షరాలు ఉంటే, ఆ చిప్‌లు దాదాపు ఎప్పుడూ బోర్డుకు సోల్డర్ చేసినవే. పలుచని మోడళ్లలో ఎక్కువగా కనిపించేవి ఇవే, వాటిలో 8 జీబీ కొంటే చివరి వరకు 8 జీబీయే. ఉత్త DDR4, DDR5 అని ఉంటే స్లాట్ ఉండే అవకాశం ఎక్కువ, కానీ ఖాయం కాదు, ఎందుకంటే కొన్ని కంపెనీలు ఆ చిప్‌లను కూడా బోర్డు మీదే అతికిస్తాయి, మరికొన్ని సగం అతికించి పక్కన ఒక్క స్లాట్ ఇస్తాయి.

అందుకే కాగితంతో సరిపెట్టుకోకుండా, షాపులో ప్రదర్శనకు పెట్టిన ల్యాప్‌టాప్ మీదనే చూడండి. Ctrl+Shift+Esc నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో Performance, దాని కింద Memory ఎంచుకుంటే కుడివైపు కింది భాగంలో Form factor అనే వరుస ఉంటుంది. దాని ఎదురుగా SODIMM అని ఉంటే మెమరీ స్లాట్‌లో బిగించినదని, Row of chips అని ఉంటే బోర్డుకు అతికించినదని అర్థం. పక్కనే Slots used అని ఒక అంకె కనిపిస్తుంది. సోల్డర్ చేసిన వాటిలో కూడా అది 2 of 2, 4 of 4 వంటి అంకెలు చూపవచ్చు కనుక, ఆ ఒక్క అంకెను చూసి స్లాట్ ఉందని నమ్మవద్దు. ఆ తరువాత కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ తెరిచి గరిష్ఠంగా ఎంత మెమరీ పడుతుందో చూడండి. ఒకే పేరుతో అమ్మే మోడల్‌లో కూడా చివరి అక్షరాలు మారితే లోపలి బోర్డు మారవచ్చు కాబట్టి, పెట్టె మీది పూర్తి మోడల్ నంబరుతోనే వెతకాలి.

ఇప్పుడు మీ లెక్క. 50,000 రూపాయలకు 16 శాతం వడ్డీతో 24 నెలలంటే నెలకు సుమారు 2,450 రూపాయల కిస్తీ, మొత్తం వడ్డీ దాదాపు 8,750. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతమే అనుకున్నా జీఎస్టీతో కలిపి మరో 1,180. అంటే మొదటి ఏడాది సీ భాష, పైథాన్ ప్రోగ్రాములు రాసుకునే విద్యార్థిని ఇంకా వాడని మెమరీ కోసం మీరు సుమారు 9,900 రూపాయలు అదనంగా కడతారు. నెలకు మీకు మిగిలే 8,000లో మూడో వంతు దాకా రెండేళ్ల పాటు కిస్తీకే పోతుంది. ఒక్క కిస్తీ తప్పితే జరిమానా, క్రెడిట్ స్కోరుకు దెబ్బ. ల్యాప్‌టాప్ కోసం యాప్ అప్పు చేయడాన్ని నేను ఏ లెక్కన చూసినా సమర్థించలేను.

పైన చెప్పిన పరీక్షలో రెండో ల్యాప్‌టాప్‌కు SODIMM అని వచ్చి, మాన్యువల్‌లో రెండో స్లాట్ ఉన్నట్టు తేలితే దానినే తీసుకోండి. గ్రాఫిక్స్ చిప్ తరువాత పెట్టలేరన్నది నిజమే, కానీ కోర్సు చదువులో వేరే గ్రాఫిక్స్ తప్పనిసరి అయ్యే సందర్భాలు తక్కువ. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోను, కంప్యూటర్‌లోనే ఫోన్‌ను అనుకరించే ఎమ్యులేటర్‌తో నడిపే దశ వస్తే మాత్రం 16 జీబీ కావాలి. చిట్టీ డబ్బులో మిగిలే 2,000కు నెలకు వెయ్యి చొప్పున చేర్చుతూ పోండి. మెమరీ ధర పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కనుక ఎప్పుడో చవకవుతుందని ఎదురుచూడకుండా, అవసరం వచ్చిననాడు అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే వేయించండి, వారంటీ గురించి పేచీ ఉండదు. DDR4 పలక DDR5 స్లాట్‌లో పట్టదు, అందుచేత మోడల్ నంబరు చెప్పి కొనాలి. ఎస్ఎస్‌డీ మార్చే రోజు వస్తే ముందుగా ఫైళ్లను వేరే చోట దాచి, విండోస్ స్టోరేజ్‌కు వేసే తాళమైన బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకోమని అమ్మాయికి చెప్పండి.

ఆ షాపులోని రెండో దానిలో కూడా Row of chips అనే వస్తే, రెండూ వదిలేసి, మరో షాపులో స్లాట్ ఉన్నదాన్ని వెతకండి. సోల్డర్ చేసినదే కావాలనుకుంటే మొదటి రోజే 16 జీబీది, అదీ 55,000 లోపు దొరికితేనే కొనాలి.

ఇక ఎఫ్‌డీ. 1,20,000 అంటే మీ ఇంటికి సరిగ్గా నాలుగు నెలల ఖర్చు. ఒక్క జీతం మీద నడిచే కుటుంబానికి కనీసం ఆరు నెలలది, అంటే 1,80,000 అత్యవసర నిధిగా ఉండాలి, కాబట్టి మీకు ఇప్పటికే 60,000 లోటు ఉంది. అందులోంచి 50,000 తీస్తే మిగిలేది 70,000, రెండు నెలల ఖర్చుకు కొంచెం పైన. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనా 32 జీబీ మెమరీ ఆదుకోదు. పైగా సోల్డర్ చేసిన భాగం వారంటీ తీరాక చెడిపోతే మొత్తం మదర్‌బోర్డు మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చుకు కూడా చేతిలో డబ్బు ఉండాలి. కట్టవలసిన అవసరం లేని ఆ 2,450 కిస్తీని నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, వడ్డీ లెక్కలోకి తీసుకోకపోయినా 25 నెలల్లో ఆ లోటు పూడుతుంది. మెమరీకి తీసే వెయ్యి మిగతా 5,550లోంచి వస్తుంది.

మరో రెండు ప్రశ్నలు ఎలాగూ వస్తాయి. విద్యారుణం ఇప్పటికే తీసుకుంటూ ఉంటే కంప్యూటర్ ఖర్చును అందులో చేర్చవచ్చేమో బ్యాంకులో అడగండి, దీని కోసమే కొత్తగా తీసుకోవద్దు. నో కాస్ట్ ఈఎంఐలో కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడతాయి కనుక, 55,000 చేతిలో ఉన్న మీకు అది కూడా అనవసరం.