అందరూ హై రిస్కే అయితే మంచం దగ్గర బోర్డు మీద ఏం రాయాలి?

ప్రశ్న: మా వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో, పడిపోయే ప్రమాదాన్ని అంచనా వేసే మోర్స్ స్కోరు వేస్తే దాదాపు అందరూ హై రిస్కే. అందరి మంచాల దగ్గరా "పడిపోయే ప్రమాదం" బోర్డు పెట్టాం, అయినా పడుతూనే ఉన్నారు. ఇంకేం చేయాలి?

ఒకే బోర్డు అన్ని మంచాల దగ్గరా ఉంటే వారం తిరక్కుండానే దాన్ని చూడటం మానేస్తారండీ. ఇలాంటి చోటే నర్సుగా నైట్ డ్యూటీలు చేసినదాన్ని కాబట్టి చెప్తున్నా, మొత్తం స్కోరు పక్కన పెట్టి ఏ ప్రశ్నకి ఎన్ని మార్కులు పడ్డాయో చూడండి.

మా దగ్గర ఒక తాతగారికి, ముందు పడ్డారు కాబట్టి 25, ఒకటి కంటే ఎక్కువ జబ్బులకి 15, వాకర్‌కి 15, నీరసపు నడకకి 10, మొత్తం 65. పక్క గదిలో మామ్మగారికి 95, ఎందుకంటే మిగతా మార్కులు తాతగారివే అయినా ఆవిడ వాకర్ వదిలేసి బల్లలూ కుర్చీలూ పట్టుకుని నడుస్తారు (30), పైగా తనకి చేతకాదన్న సంగతే మర్చిపోతారు (15). చాలాచోట్ల 45 దాటితే హై రిస్క్ అంటారు, కాబట్టి ఇద్దరికీ ఒకటే బోర్డు. కానీ ఇద్దరూ పడే తీరే వేరు.

తాతగారు పొద్దున్న మంచం దిగగానే తూలేవారు. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకి బీపీ చూస్తే పై అంకె 140 నుంచి 112కి దిగింది. 20 తగ్గినా డాక్టరుకి చెప్పాల్సిందే, మాత్రలు ఒకసారి సరిచూడాలి. మోర్స్‌లో అసలు బీపీ ప్రశ్నే లేదు! ఆయన బోర్డు మీద ఇలా రాశాం: "మంచం అంచున కాసేపు కూర్చోబెట్టండి. తల తిరగడం లేదంటేనే లేపండి."

మామ్మగారికి "బెల్ కొట్టండి, లేవకండి" అని రాసి లాభం లేదు, చదివిన నిమిషానికి మర్చిపోతారు. ఆవిడ బోర్డు మన స్టాఫ్ కోసం. రాత్రిళ్లు ఎప్పుడు లేస్తున్నారో కొన్నాళ్లు రాసి పెట్టుకుంటే తెల్లవారుజామున టాయిలెట్‌కే అని తేలింది. అందుకే "4 గంటలకి మీరే అడిగి తీసుకెళ్లండి. వాకర్ ఎడమవైపు, చేతికందేలా" అని రాశాం. లేవకుండా ఉంటారని కొందరు వాకర్ దాచేస్తారు, అది ఇంకా ప్రమాదం, ఎలాగూ లేస్తారు, ఉత్త చేతులతో లేస్తారు.

జబ్బు పేరు, మతిమరుపు లాంటివి బోర్డు మీద వద్దు, వచ్చేపోయే వాళ్లందరూ చదువుతారు. అవి ఫైల్లో ఉంటే చాలు. బోర్డు మీద తేదీ వేయండి, మనిషి పడినా, మందు మారినా, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చినా మళ్లీ అంచనా వేసి తిరగరాయండి.

బోర్డు పనికొస్తుందో లేదో తెలియాలంటే కొత్తగా చేరిన ఆయాని దాని ముందు నిలబెట్టి "ఇప్పుడు ఈయన్ని ఎలా లేపుతావ్?" అని అడగండి. చెప్పలేకపోతే మార్చి రాయండి.