కోర్టుకు వెళ్లకుండా లాతో బతకొచ్చా?

"అన్నా, కేయూలో ఎల్ఎల్‌బీ ఫైనల్ ఇయర్. కోర్టులో వాదించడం నా వల్ల కాదు. కంపెనీ ఉద్యోగాలకు ఏం నేర్చుకోవాలి?"

తమ్ముడూ, ముందు ఒక్క అగ్రిమెంట్‌ను సరిగ్గా చదవడం నేర్చుకో. ఉదాహరణకు, హన్మకొండలోని ఓ కంపెనీ మడికొండలోని చిన్న యూనిట్ తయారుచేసే అట్టపెట్టెలు కొంటోంది, అగ్రిమెంట్‌లో "బిల్లు ఇచ్చిన 90 రోజులకు చెల్లింపు" అని ఉంది అనుకో. ఇద్దరూ సంతకం పెట్టినా ఆ 90 చెల్లదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం 2006లో తెచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం సెక్షన్ 15 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు ఇంకా తక్కువ. దాటితే సెక్షన్ 16 కింద ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ!

అందుకే డ్రాఫ్ట్ రాసేవాడు మొదట ఆ యూనిట్‌కు ప్రభుత్వం ఇచ్చిన రిజిస్ట్రేషన్ పత్రం, అంటే ఉద్యమ్ సర్టిఫికెట్ అడుగుతాడు. అందులో సూక్ష్మమా, చిన్నదా, మధ్యతరహానా అని చూస్తాడు, ఎందుకంటే మధ్యతరహాకు ఈ గడువు రక్షణ లేదు. తర్వాత క్లాజును "సరుకు అంగీకరించిన తేదీ నుంచి 45 రోజుల్లోపు" అని మారుస్తాడు. అయితే అకౌంట్స్ వాళ్లు పాత అలవాటుగా 90కే చెక్కు రాస్తే ఆ మార్పు వృథా. ఏ బిల్లు ఏ తేదీకి కట్టాలో వెంటపడి చూసేదే కంప్లయన్స్ పని.

ఇలాంటి క్లాజు ఒకటి పాతదీ, నువ్వు మార్చిందీ పక్కపక్కన పెట్టి ఇంటర్వ్యూకి తీసుకెళ్లు, మార్కుల మెమో కన్నా అదే ఎక్కువ మాట్లాడుతుంది.

ఇంకోటి, అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయ్యాక కంపెనీలో ఫుల్‌టైమ్ జీతానికి చేరితే ప్రాక్టీస్ చేయకూడదు, బార్ కౌన్సిల్‌కు తెలియజేయాలి.