వైరు తెగినప్పుడు సీటు ఎవరిది?

*“బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్. ఇంటర్వ్యూలో క్యాప్ థియరమ్ అడిగితే, ‘కన్సిస్టెన్సీ, అవైలబిలిటీ, పార్టిషన్ టాలరెన్స్... మూడింటిలో రెండే దొరుకుతాయి’ అన్నాను. ‘సరే, నెట్‌వర్క్ తెగింది. ఇప్పుడేం చేస్తావు?’ అన్నారు. నోరు పెగల్లేదు. ఎలా చెప్పాలి సార్?”*

‘మూడింటిలో రెండు’ అన్న మాట వదిలేయండి. 2000లో ఈ సూత్రాన్ని ముందుకు తెచ్చిన కంప్యూటర్ శాస్త్రవేత్త ఎరిక్ బ్రూవరే, అది తప్పుదారి పట్టిస్తుందని 2012లో రాశారు. నెట్‌వర్క్ మనల్ని అడిగి తెగదు. తెగాక ఏం చేయాలన్నదే మన చేతిలో ఉంటుంది.

కాగితం అడిగి రెండు డబ్బాలు గీసి, వాటిని ఒక గీతతో కలపండి. ఒకటి హైదరాబాద్ సర్వర్, ఒకటి విజయవాడ సర్వర్. రెండింట్లోనూ ‘12వ సీటు ఖాళీ’ అని రాయండి. ఒకటి పాడైనా రెండోది ఉండాలని ఇలా కాపీలు పెట్టుకోవడమే రెప్లికేషన్. ఒక చోట సీటు బుక్కయితే రెండో చోటికి కబురు వెళ్లాలి. ఇప్పుడు మధ్య గీతను పెన్నుతో కొట్టేయండి. రెండు సర్వర్లూ పనిచేస్తున్నాయి, ప్రయాణికులూ వస్తున్నారు. ఒకదాని మాట ఒకదానికి వినిపించడం లేదు, అంతే. అదే పార్టిషన్.

విజయవాడలో ఒకరు 12వ సీటు నొక్కారు. ‘కాసేపాగి ప్రయత్నించండి’ అంటే కన్సిస్టెన్సీని, అంటే రెండు చోట్లా ఒకే లెక్క ఉండటాన్ని, కాపాడినట్టు. ఇచ్చేస్తే అవైలబిలిటీ, అంటే అడిగినవారి పని జరగడం, నిలిచింది కానీ, అదే సీటు హైదరాబాద్‌లోనూ అమ్ముడుపోవచ్చు. ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పండి: హైదరాబాద్ సర్వర్ ఆగిపోయిందో, దారి మాత్రమే తెగిందో విజయవాడకు తెలిసే వీల్లేదు. టైమౌట్ దాటినా జవాబు రాలేదన్నదే దానికి తెలుసు. ఈ మాట అనేవాళ్లు తక్కువ. మీరు అంటే మాత్రం, మీకు విషయం అర్థమైందని ఇంటర్వ్యూ చేసేవారికి తెలుస్తుంది.

‘అయితే రెండూ ఆగాల్సిందేనా?’ అని అడుగుతారు. చెన్నైలో మూడో డబ్బా గీయండి. మూడింటిలో రెండు ఒప్పుకుంటేనే బుకింగ్. విజయవాడ ఒంటరైతే అది ఆగుతుంది, మిగతా రెండూ నడుస్తాయి. మూడు సర్వర్లలో ఏ రెండు మెజారిటీలు తీసుకున్నా కనీసం ఒక సర్వర్ రెండింట్లోనూ ఉంటుంది, అది ఒకే సీటుకు రెండుసార్లు ఒప్పుకోదు కాబట్టి సీటు రెండుసార్లు అమ్ముడుపోదు.

అన్నిటికీ ఇదే దారి అనకండి. షాపింగ్ కార్ట్‌లో వస్తువు వేస్తుంటే ఆపడం నష్టమని అమెజాన్ డైనమో అనే తన డేటా స్టోర్‌లో అవైలబిలిటీకే మొగ్గింది. 2007 నాటి పేపర్లో దాని ఖరీదూ చెప్పింది: విడిపోయిన కార్టులను తర్వాత కలిపేటప్పుడు, తీసేసిన వస్తువు మళ్లీ ప్రత్యక్షం కావచ్చు. కార్ట్‌లో అది సర్దుకుపోవచ్చు, సీటు విషయంలో కుదరదు.

డబ్బు సంగతి అడిగితే, బ్రూవర్ ఇచ్చిన ఏటీఎం ఉదాహరణ చెప్పండి. బ్యాంకుతో లింకు తెగినా ఏటీఎం పూర్తిగా మూతపడనక్కర్లేదు. ఒక పరిమితి వరకు నోట్లిచ్చి, లెక్క రాసిపెట్టుకుని, లింకు వచ్చాక సరిచూసుకోవచ్చు. అప్పటికి ఖాతాలో డబ్బు చాలకపోయినా, బ్యాంకుకు పోయేది ఆ పరిమితి లోపే.