వర్క్‌షాప్ అయ్యాక ఇచ్చే ఫారం గురించి మేనకోడలికి

నెల్లూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫారమూ, దాని లెక్కలూ రెండుసార్లు చదివాను. విడవలూరులో రొయ్యల రైతులకు నీటి పరీక్షల మీద నువ్వు పెట్టిన మొదటి వర్క్‌షాప్‌కి 40 మంది వచ్చి సాయంత్రం దాకా కూర్చున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. 20 ప్రశ్నలు వేశావు, ఐదుకి 4.6 సగటు వచ్చింది, రెండోసారి ఏం మార్చాలి మామయ్యా అని అడిగావు. ఆ కాగితాలను బట్టి నేనేమీ చెప్పలేనమ్మా. "శిక్షకుల బోధన ఎలా ఉంది?" అన్నదానికి 4.6 వస్తే ఏం మారుస్తావు? పోనీ 3.9 వస్తే ఏం మారుస్తావు? రెండింటికీ నీ దగ్గర జవాబు లేదంటే ఆ ప్రశ్న తీసేయాల్సిందే. నీ ఏడో ప్రశ్న చూడు: "విషయం అర్థమయ్యేలా, ఉపయోగపడేలా ఉందా?" అర్థమైంది గానీ తన గుంటకు పనికిరాదు అనుకున్న రైతు దేనికి టిక్కు పెట్టాలి?

నేనూ ఒకప్పుడు ఇలాంటి ఫారమే వేశాను. అల్లూరు మండలంలో 36 మంది రైతులకు డీఓ పరీక్ష నేర్పించాం. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కిట్‌తో కొలవడం, అంతే. 33 మంది "చాలా బాగుంది" అని రాశారు. నెల తర్వాత ఎందుకో మనసు ఆగక అందరికీ ఫోన్లు చేశాను. 28 మంది దొరికారు. వాళ్లలో ఒక్కసారైనా పరీక్ష చేసినవాళ్లు ఐదుగురే. ముగ్గురు కిట్టే కొనలేదు. ఆరుగురు మందు చుక్కలు వేసేటప్పుడు రంగు చూసి ఎక్కడ ఆగాలో తెలియక వదిలేశామన్నారు. మిగిలిన 14 మంది చెప్పిన మాట నేను అసలు ఊహించలేదు. "తెల్లవారుజామున గుంట మీద ఉండేది నేను కాదు సార్, మా మనిషి."

డీఓ అన్నిటికంటే తగ్గేది తెల్లవారే ముందే. రాత్రంతా రొయ్యలూ, నీళ్లలోని నాచూ ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉంటాయి, ఎండ లేదు కనుక కొత్తది పుట్టదు. ఆ వేళలో గుంట దగ్గర ఉండే మనిషిని వదిలేసి, ఊళ్లో ఇంటి దగ్గర నిద్రపోయే యజమానికి మేం పాఠం చెప్పాం. మా ఫారంలో భోజనం గురించి అడిగాం, హాలు గురించి అడిగాం. పరీక్ష చేసేది ఎవరని మాత్రం అడగలేదు.

1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ శిక్షణను కొలవడానికి నాలుగు మెట్లు చెప్పాడు. వచ్చినవాళ్లకు నచ్చిందా, నేర్చుకున్నారా, వెళ్లి చేస్తున్నారా, దానివల్ల ఫలితం కనిపించిందా. నీ 20 ప్రశ్నలూ మొదటి మెట్టు మీదే ఉన్నాయి. రెండో మెట్టును ఆ రోజే కొంత కొలవచ్చు. మూడోది నెల ఆగి అడిగితే తప్ప తెలియదు. నాలుగోదాన్ని నువ్విప్పుడు పట్టుకోకు. పంట బాగా రావడానికి సీడు, మేత, రోగాలు, వాతావరణం ఇన్ని కారణాలున్నప్పుడు అది వర్క్‌షాప్ వల్లే అని చెప్పలేం.

అందుకని ఫారం రాసే ముందు, వచ్చేసారి నీ చేతిలో ఉండి మార్చగలిగినవి ఏమిటో రాసుకో. ఎవర్ని పిలవాలి, ఏ అంశానికి ఎంతసేపు ఇవ్వాలి, ఎన్ని కిట్లు పెట్టాలి, ఏ దశ మళ్లీ చూపించాలి. ప్రతి ప్రశ్నా వీటిలో ఏదో ఒకదాన్ని తేల్చాలి. అల్లూరు అనుభవం తర్వాత నేను ఐదే ప్రశ్నలకు వచ్చాను.

మొదటిది: "డీఓ నమూనా ఏ వేళలో తీస్తే గుంటకు ప్రమాదం ఉందో లేదో తెలుస్తుంది?" తెల్లవారుజామున, మధ్యాహ్నం, సాయంత్రం, ఎప్పుడైనా ఒకటే, గుర్తు లేదు. చివరిది తప్పకుండా పెట్టు, లేకపోతే తెలియనివాళ్లు ఏదో ఒకటి గుడ్డిగా కొడతారు, అది తెలిసినట్టు లెక్కలోకి వస్తుంది. రెండోది: "ఈ రోజు పరీక్ష మీ చేతులతో ఎన్నిసార్లు చేశారు?" మూడోది: "రేపటి నుంచి మీ గుంట దగ్గర ఈ పరీక్ష ఎవరు చేస్తారు?" నాలుగోది: "ఒక్కరే చేయాల్సి వస్తే ఎక్కడ ఆగిపోతారు?" దీని కింద పరీక్షలోని దశలు వరసగా రాయాలి. గాలి బుడగ లేకుండా సీసా నింపడం, మందులు కలపడం, రంగు పోయే చోటు పట్టుకోవడం, చుక్కలు లెక్కపెట్టి డీఓ రాసుకోవడం. "ఏమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగితే ఏమీ లేదండి అంటారు. ఎక్కడ ఆగిపోతారు అని అడిగితే, ఆగడం మామూలే అన్నట్టు ఉంటుంది కాబట్టి చెప్తారు.

ఐదో ప్రశ్న నాకు అన్నిటికంటే ఇష్టం. "వచ్చేసారి ఒక గంట తగ్గించాలంటే దేన్ని తీసేయమంటారు?" మర్యాదగా పిలిచి, కడుపునిండా భోజనం పెట్టినవాళ్ల గురించి బాగాలేదని రాయడానికి మనవాళ్లకు చెయ్యి రాదు. అది మంచి గుణమే, కానీ ఫారంకి అదే పెద్ద అడ్డంకి. ఈ ప్రశ్నలో మాత్రం ఎవర్నీ నొప్పించకుండా మనసులో మాట చెప్పొచ్చు. మా రెండో వర్క్‌షాప్‌లో ఇది అడిగితే, మేం ప్రాణంగా తయారుచేసుకున్న ప్రొజెక్టర్ పాఠాన్ని 36 మందిలో 19 మంది తీసేయమన్నారు. చేత్తో చేసే భాగాన్ని తీసేయమన్నది ఒక్కరే.

పేరు రాయించకు. "యజమాని, కౌలు రైతు, గుంట మీద పనిచేసేవారు" అని మూడు గళ్లు మాత్రం పెట్టు, ఆ తేడా తెలియకపోతే జవాబులు కలగాపులగం అయిపోతాయి. అయితే కౌలు రైతులు ఇద్దరే వచ్చారనుకో, ఆ గడి చూడగానే ఎవరు రాశారో తెలిసిపోతుంది. అలాంటప్పుడు వాళ్లను యజమానులతో కలిపి ఒకే గడి చెయ్యి.

సర్టిఫికెట్లు ఇచ్చాక ఫారం పంచడం నువ్వు చేసిన ఇంకో పొరపాటు. అప్పటికి సగం మంది బస్సు టైమ్ చూసుకుంటుంటారు, టిక్కులన్నీ ఒకే వరుసలో పడిపోతాయి. ఆఖరి సెషన్‌కి ముందు, టీ అయ్యాక పది నిమిషాలు దీనికే కేటాయించు. ఆ పది నిమిషాలూ పాఠం చెప్పినవాళ్లు హాల్లో ఉండకూడదు. నువ్వు కూడా బయటికి వెళ్లు. వేరే ఎవరైనా ప్రశ్నలు ఒక్కొక్కటిగా గట్టిగా చదివితే చదువు అంతగా రానివాళ్లు కూడా టిక్కు పెట్టగలుగుతారు. ప్రశ్న పైకి చదవాలి గానీ జవాబు పైకి చెప్పించకూడదు. కాగితాలు చేతికి తీసుకోకుండా డబ్బాలో వేయించు.

ఇక చదవడం. సగటు కట్టకు. కాగితాలన్నీ నేల మీద పరిచి, ముందు గుంట మీద పనిచేసేవాళ్లవి ఒక కుప్ప, యజమానులవి ఒక కుప్ప పెట్టు. తర్వాత ఒక్కో ప్రశ్నకి ఎవరెంతమందో లెక్కపెట్టు. మా రెండో వర్క్‌షాప్‌లో నాలుగో ప్రశ్నకి 36 మందిలో 21 మంది రంగు దగ్గరే టిక్కు పెట్టారు. అది చదివి "రంగు మళ్లీ చెప్పాలి" అని రాసేసుకున్నాను. అక్కడితో ఆగి ఉంటే తప్పు చేసేవాణ్ని. ఫారం ఎక్కడ నొప్పి ఉందో చూపిస్తుంది, ఎందుకో చెప్పదు. మర్నాడు తెల్లవారుజామున ఇద్దరితో కలిసి గుంట దగ్గరికి వెళ్లి చూస్తే సంగతి అర్థమైంది. హాల్లో ట్యూబ్‌లైటు వెలుగులో నీలం రంగు పోవడం తెలుస్తుంది. గట్టు మీద చీకట్లో, టార్చి పసుపు వెలుగులో ఎవరికి తెలుస్తుంది? సీసా వెనక తెల్లకాగితం పెట్టి, తెల్లటి లైటు వేస్తే ఇద్దరూ రెండోసారికే పట్టేశారు. ఆ తర్వాతి వర్క్‌షాప్‌లో ఆ భాగాన్ని కిటికీలు మూసి, లైట్లు ఆర్పి చేయించాం.

ఎక్కువమంది చెప్పిందే మార్చాలన్న నియమానికి ఒక మినహాయింపు ఉంది. ఒక కాగితం మీద "యాసిడ్ సీసా మూత కారింది, వేళ్లు మండాయి" అని రాసి ఉంది. 36 లో ఒక్కటే. అది లెక్కలో చూడాల్సింది కాదు. ఆ కిట్‌లో ఉండేది గంధకామ్లం. ఆ సాయంత్రమే మిగతా కిట్ల మూతలన్నీ చూశాం, తర్వాత నుంచి ప్రతి బల్ల మీదా గ్లవ్స్, పక్కనే బకెట్ నీళ్లు పెట్టాం. ఏసీ చల్లగా లేదన్న కాగితం కూడా ఒక్కటే, దాన్ని పక్కన పెట్టాం.

రెండో వర్క్‌షాప్‌కి మేం ఒక్కో గుంట నుంచి ఇద్దర్ని పిలిచాం, యజమాని ఒకరు, తెల్లవారుజామున అక్కడ ఉండే మనిషి ఒకరు. 18 గుంటలు, 36 మంది, నలుగురికి ఒక కిట్ చొప్పున తొమ్మిది కిట్లు. కిట్ పట్టుకోని మనిషి లేడు. మొదలుపెట్టిన పది నిమిషాల్లో, పోయినసారి రైతులు చెప్పినవి ఏమిటి, మేం మార్చినవి ఏమిటి, మార్చలేకపోయినవి ఎందుకు మార్చలేదు అన్నది చదివి వినిపించాం. ఆ రోజు ఫారంలో ఖాళీ గీతల మీద జవాబులు మామూలు కంటే చాలా పొడుగ్గా వచ్చాయి.

నెల తర్వాత 17 గుంటల వాళ్లు ఫోన్‌కి దొరికారు. "చేస్తున్నారా?" అని అడగలేదు, అవుననే అంటారు. "నిన్న తెల్లవారుజామున డీఓ ఎంత వచ్చింది, నోట్‌బుక్ చూసి చెప్పండి" అని అడిగాం. 11 గుంటల వాళ్లు అంకె చదివారు. ఈ 11 అంతా మా మార్పు వల్లేనని నేను అనను. అవి ముసురు పట్టిన రోజులు. ఎండ లేక డీఓ పడిపోతుందేమోనని రైతులు ముందే టెన్షన్‌లో ఉన్నారు, ఎలాగైనా చూసుకునేవాళ్లు. నువ్వు కూడా రెండు వర్క్‌షాపుల అంకెలు పక్కపక్కన పెట్టినప్పుడు అది ఏ నెలో, పంట ఎన్నో రోజో పక్కన రాసుకో. 40 కాగితాల్లో ముగ్గురు నలుగురి తేడాను మార్పుగా లెక్కపెట్టకు. ఒకేసారి అన్నీ మార్చకు. రెండు మారిస్తే దేనివల్ల ఏమైందో కొంతైనా తెలుస్తుంది.

నీ 40 మంది ఫోన్ నంబర్లు రిజిస్టర్‌లో ఉన్నాయి కదా. కొత్త ఫారం రాయకముందే వాళ్లందరికీ ఫోన్ చేసి ఆ నోట్‌బుక్ ప్రశ్న అడుగు. పరీక్ష చేయలేదన్నవాళ్లను ఎందుకని అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకో, నాలుగో ప్రశ్న కింద పెట్టాల్సిన దశలు అక్కడే దొరుకుతాయి. ఫారం అయ్యాక అచ్చుకి ఇచ్చేముందు గుంట మీద పనిచేసే ఇద్దరి చేత పైకి చదివించు. వాళ్లు ఎక్కడ ఆగి నీ ముఖం చూస్తే ఆ వాక్యం మార్చు. ఆ తర్వాత నాకు పంపు, ఆదివారం తీరిగ్గా చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య