సీటీసీని 12తో భాగిస్తే జీతం రాదు

ప్రశ్న: మాది తిరుపతి, సొంత ఇల్లు. రేణిగుంట దగ్గరి కంపెనీ 7.80 లక్షల సీటీసీ, బెంగళూరు కంపెనీ 9.60 లక్షలు ఇస్తామన్నాయి. బెంగళూరులో నెలకు 80 వేలు వస్తాయి కాబట్టి, ఇంటి అడ్వాన్సుకు, సామాన్లకు 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని చేరిపోదామనుకుంటున్నాను. సరేనా?

జవాబు: లోన్ మాట ముందు పక్కన పెట్టండి. సీటీసీ అంటే మీ కోసం కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, అదంతా మీ చేతికి వచ్చే జీతం కాదు. మీరు పంపిన బెంగళూరు ఆఫర్‌లో 60,000 జాయినింగ్ బోనస్, 1,20,000 వేరియబుల్ పే ఉన్నాయి. మొదటిది ఒక్కసారే వస్తుంది, పైగా ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని మీ ఆఫర్ లెటర్‌లోనే రాశారు. రెండోది కంపెనీ ఫలితాలను బట్టి ఏడాది చివర వస్తుంది, పూర్తిగా వస్తుందన్న హామీ లేదు. వీటికి తోడు కంపెనీ వాటా పీఎఫ్ 43,200, సాధారణంగా అయిదేళ్లు పనిచేస్తేనే అందే గ్రాట్యుటీ 17,316, ఇన్సూరెన్స్ ప్రీమియం 11,484 కూడా సీటీసీలోనే కలిపారు. ఇవన్నీ తీసేస్తే నెలకు 59,000 మిగులుతుంది. అందులో మీ వాటా పీఎఫ్ 3,600, వృత్తి పన్ను 200 పోగా చేతికి వచ్చేది 55,200.

రేణిగుంట ఆఫర్‌లో బోనసులు లేవు. పీఎఫ్, గ్రాట్యుటీ, ప్రీమియం కలిపి 42,000 తీసేస్తే నెలకు 61,500. పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా 59,500 చేతికి వస్తుంది. కొత్త పన్ను విధానంలో రెండు ఆఫర్లకూ ఆదాయపు పన్ను పడదు.

అయితే పీఎఫ్ కూడా మీ డబ్బే కాబట్టి దాన్ని వదిలేసి పోల్చడం న్యాయం కాదు. రేణిగుంట కంపెనీ పీఎఫ్‌కు లెక్కించే 15,000 జీతం పరిమితి మీదే 12 శాతం కడుతుంది, బెంగళూరు కంపెనీ మొత్తం బేసిక్ మీద కడుతుంది. చేతికి వచ్చేదానికి మీ వాటా, కంపెనీ వాటా పీఎఫ్ రెండూ కలిపితే నెలకు రేణిగుంటలో 63,100, బెంగళూరులో 62,400 అవుతాయి. సీటీసీలో కనిపించిన 1.80 లక్షల తేడా బోనసులదే తప్ప నెల జీతానిది కాదు.

ఇక లోన్ సంగతి. 14 శాతం వడ్డీకి మూడేళ్ల గడువు పెట్టుకున్నా ఈఎంఐ సుమారు 10,250 అవుతుంది. 18,000 అద్దె కూడా కడితే బెంగళూరులో మీకు మిగిలేది 27,000 లోపే. ప్రొబేషన్‌లోనే ఉద్యోగం పోతే జాయినింగ్ బోనస్ గురించి కంపెనీతో, ఈఎంఐ గురించి బ్యాంకుతో ఒకేసారి తేల్చుకోవాల్సి వస్తుంది. లేని 80 వేలను నమ్మి అప్పు చేయడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. మీ దగ్గర ఆరు నెలల ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి లేదు. నెలకు 35,000 ఖర్చయినా 2.10 లక్షలు విడిగా ఉండాలి. రేణిగుంటలో చేరి నెలకు 20,000 పక్కన పెడితే ఏడాదిలోపే అది సమకూరుతుంది.

బెంగళూరు అనుభవమే ముఖ్యమనుకుంటే, వేరియబుల్‌లో కనీసం సగం ఫిక్స్‌డ్‌లోకి మార్చమని హెచ్‌ఆర్‌ను అడగండి. నమూనా పే స్లిప్ మెయిల్‌లో పంపమనండి. అది చేతికి వచ్చేదాకా రేణిగుంట కంపెనీకి కాదని చెప్పవద్దు.